కన్‌ఫర్మ్ చేయడం లేదని ఎలా రాయాలి?

ప్రొబేషన్‌లో ఉన్న ఉద్యోగిని పర్మనెంట్ చేయకూడదని నిర్ణయించుకున్న యజమానికి చుట్టుపక్కల నుంచి వచ్చే మొదటి సలహా, "కారణం రాయకండి సార్, రాస్తే ఇరుక్కుంటారు" అని. దాంతో ఉత్తరం ఒక్క వాక్యంలో తేలిపోతుంది: మీ సేవలు ఫలానా తేదీ నుంచి అవసరం లేదు. అందుకున్న మనిషికి ఏమీ అర్థం కాదు. ఎందుకు తీసేశారో చెప్పనందుకే కోపం వస్తుంది, ఆ కోపంతోనే లేబర్ ఆఫీసు మెట్లెక్కుతాడు. దీనికి పూర్తిగా ఎదురు దారిలో పోయే మేనేజర్లూ ఉంటారు. ఆర్నెల్లుగా మనసులో పేరుకున్నదంతా రెండు పేజీల్లో కక్కేస్తారు. కోర్టులో వాళ్ల సంస్థకు ఎదురు సాక్ష్యంగా నిలబడేది ఆ రెండు పేజీలే.

ఒక్క లైను సలహా ఊరికే పుట్టలేదు. కర్ణాటకలోని కృష్ణదేవరాయ ఎడ్యుకేషన్ ట్రస్టు కేసులో 2001లో సుప్రీంకోర్టు ఈ ఇరకాటాన్ని దాచకుండా ఒప్పుకుంది. కారణం చెప్పకుండా తీసేస్తే ఇష్టారాజ్యంగా తీసేశారంటారు, పని బాగాలేదని రాస్తే నా మీద మచ్చ వేశారంటారు. అందుకే మామూలుగా ఆర్డర్‌లో కారణం రాయకపోవడమే ఎంచుకుంటారు అంది. సవాలు చేసినప్పుడు మాత్రం యజమాని తన కారణాలు చెప్పాల్సిందే, అలా చెప్పినంత మాత్రాన అది శిక్ష అయిపోదు అని కూడా అంది. చాలామంది మొదటి సగం విని రెండో సగం మరిచిపోతారు. ఉత్తరంలో రాయకపోయినా కారణం ఉండాలి, దానికి కాగితం ఉండాలి.

అదే ఏడాది చివర్లో లక్నోలోని సంజయ్ గాంధీ పీజీ ఇన్‌స్టిట్యూట్ కేసు వచ్చింది. అక్కడ ప్రొబేషనర్‌ను తొలగిస్తూ ఇచ్చిన ఆర్డర్‌లో పని, ప్రవర్తన సంతృప్తికరంగా లేవని రాశారు. ఇది మచ్చేనని ఉద్యోగి వాదించాడు. సుప్రీంకోర్టు కాదంది. ప్రొబేషనర్‌ను పంపేయడమంటేనే ఆ ఉద్యోగానికి సరిపోలేదని చెప్పడం. మచ్చ అనిపించుకోవాలంటే మాట అంతకంటే ముందుకు వెళ్లాలి అని తేల్చింది. తొలగింపు నిజానికి శిక్షేనా అని తెలుసుకోవడానికి మూడు ప్రశ్నలు కూడా ఇచ్చింది. పూర్తి స్థాయి విచారణ జరిగిందా? అది నైతిక పతనం లేదా దుష్ప్రవర్తన ఆరోపణ మీదేనా? తప్పు చేశాడనే తీర్పుతో ముగిసిందా? మూడూ ఉంటే పైకి ఆర్డర్ ఎంత సౌమ్యంగా ఉన్నా అది శిక్షే. ఒక్కటి లేకపోయినా, ఆర్డర్ తీరు ఎలా ఉన్నా, నిలుస్తుంది.

ఇవి ఎక్కువగా ప్రభుత్వ, ప్రభుత్వ రంగ ఉద్యోగాల్లో పుట్టిన సూత్రాలు. రాజ్యాంగం 311వ అధికరణం ప్రైవేటు దుకాణానికి వర్తించదు. అయినా కార్మికుడి నిర్వచనంలోకి వచ్చే గుమస్తా, టెక్నీషియన్ స్థాయి ఉద్యోగుల విషయంలో లేబర్ కోర్టులు పైకి కనిపించే మాటల వెనక అసలేం జరిగిందో చూస్తాయి. మేనేజర్ స్థాయి వాళ్లకు ప్రైవేటు సంస్థలో దక్కేది చాలా సందర్భాల్లో నోటీసు కాలం జీతం వరకే. కాబట్టి ఉత్తరం రాసే ముందు తేల్చుకోవలసినది ఆ మనిషి చేసే పని ఏమిటన్నది. కార్డు మీద "అసిస్టెంట్ మేనేజర్" అని ఉన్నా, రోజంతా బిల్లులు ఎంటర్ చేసే మనిషి చట్టం కళ్లకు గుమస్తానే.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. విజయవాడలో ఆసుపత్రులకు సర్జికల్ సామాను సరఫరా చేసే ఒక డిస్ట్రిబ్యూటర్. మార్చి 3న ఒక కుర్రాడు ఆర్డర్ కోఆర్డినేటర్‌గా చేరాడు. ఆసుపత్రుల నుంచి వచ్చే ఆర్డర్లు సిస్టమ్‌లో ఎక్కించడం, ఇన్‌వాయిస్ తీయడం, గోడౌన్‌కు పంపడం అతని పని. ఆరు నెలల ప్రొబేషన్. ఆ కాలంలో గానీ, చివర గానీ పదిహేను రోజుల నోటీసుతో ఎవరైనా ఒప్పందం ముగించుకోవచ్చని, అవసరమైతే మూడు నెలలు పొడిగించవచ్చని అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లో ఉంది. వందకు రెండుకు మించి ఇన్‌వాయిస్ తప్పులు ఉండకూడదన్న కొలతను చేరిన వారంలోనే మెయిల్‌లో పంపారు.

మే నెల సమీక్షలో వందకు తొమ్మిది తప్పులు తేలాయి. బ్యాచ్ నంబర్లు తారుమారు కావడం, ఒక ఆసుపత్రి జీఎస్టీ నంబరు ఇంకో ఆసుపత్రి బిల్లు మీదకు రావడం. సీనియర్ పక్కన కూర్చోబెట్టి రెండు వారాలు నేర్పించారు. జులై సమీక్షలో తప్పులు వందకు ఏడు. ఆగస్టులో యజమాని ఇక వద్దనుకున్నాడు. ఇంతవరకు కథ సూటిగానే ఉంది.

చిక్కు ఇంకోచోట ఉంది. జూన్‌లో సేల్స్ మేనేజర్ చెవిన ఒక మాట పడింది: ఈ కుర్రాడు మన రేట్ల లిస్టు పోటీ డిస్ట్రిబ్యూటర్‌కు ఇచ్చాడట. ఎవరూ తేల్చలేదు, అతన్ని అడగనూ లేదు. కానీ ఉత్తరం రాసే వేళ మేనేజర్ డ్రాఫ్ట్ ఇలా వచ్చింది:

"పలుమార్లు హెచ్చరించినా మీరు నిర్లక్ష్యంగా, బాధ్యతారహితంగా ప్రవర్తించారు. సంస్థ రహస్య సమాచారం బయటకు వెళ్లిన విషయంలో మీ నిజాయితీ మీద తీవ్ర అనుమానాలు ఉన్నాయి. 20 జూన్ నాటి అంతర్గత నోట్ చూడగలరు. ఇటువంటి కారణాల వల్ల మిమ్మల్ని తక్షణం తొలగిస్తున్నాము."

ఈ నాలుగు వాక్యాల్లో తప్పు లేనిది ఒక్కటీ లేదు. "నిర్లక్ష్యం", "బాధ్యతారాహిత్యం" అనేవి పని ఎలా ఉందో చెప్పే మాటలు కావు, మనిషి ఎలాంటివాడో చెప్పే మాటలు. వందకు ఏడు తప్పులు అన్నది లెక్క. నిర్లక్ష్యం అన్నది ఆ లెక్క మీద మేనేజర్ చెప్పుకున్న అర్థం. నిజాయితీ మీద అనుమానం అంటే నేరుగా దుష్ప్రవర్తన ఆరోపణ. అది రాసిన క్షణం చార్జిమెమో ఎక్కడ, సంజాయిషీ ఎక్కడ, విచారణ ఎక్కడ అన్న ప్రశ్న లేస్తుంది. "తక్షణం" అన్న మాట సంస్థ తానే రాసుకున్న పదిహేను రోజుల షరతును తుంగలో తొక్కింది.

అన్నింటికంటే ప్రమాదకరమైనది చూడటానికి అమాయకంగా కనిపించే మూడో వాక్యం. కలకత్తాలోని ఎస్.ఎన్. బోస్ కేంద్రానికి సంబంధించిన 1999 నాటి కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతే చూసింది. తొలగింపు ఆర్డర్ తనకు ముందు వెళ్లిన కొన్ని ఉత్తరాలను ప్రస్తావించింది. మచ్చ ఆర్డర్‌లోనే ఉండనక్కర్లేదు, ఆర్డర్ చూపించే కాగితాల్లో ఉన్నా సరే అని కోర్టు ఆ తొలగింపును కొట్టేసింది. రేపు ఇంకో యజమాని ఈ ఆర్డర్ చూసి, ఆ ఉత్తరాలేవో చూపించు అంటే ఉద్యోగి ఏం చేస్తాడన్నది అందులోని తర్కం. అంటే మన డ్రాఫ్ట్‌లో రెండో వాక్యాన్ని కొట్టేసి, మూడో వాక్యాన్ని ఉంచినా ఆరోపణ లోపలికి వచ్చేసినట్టే.

మరి ఆ రేట్ల లిస్టు సంగతి ఏం చేయాలి? ఈ విషయంలో కోర్టులు దశాబ్దాలుగా ఒక తేడా చూపిస్తున్నాయి. 1957 నాటి పురుషోత్తంలాల్ ధింగ్రా కేసు నుంచి, 1974లో ఏడుగురు న్యాయమూర్తులు తేల్చిన శంషేర్ సింగ్ కేసు మీదుగా, 1998 నాటి రాధేశ్యామ్ గుప్తా కేసు దాకా అదే దారి. యజమాని చెవిన ఏదో పడింది, అందులో నిజమెంతో తేల్చే పని పెట్టుకోలేదు, పని ఎలాగూ బాగాలేదు కనుక వద్దనుకున్నాడు. అప్పుడు ఆ మాట నిర్ణయానికి ప్రేరణ మాత్రమే, దాని వల్ల తొలగింపు చెడదు. అలా కాకుండా అతని వెనక విచారణ చేసి, సాక్షుల మాటలు రాసుకుని, అవును ఇతనే ఇచ్చాడని తేల్చి, దాని మీద పంపేస్తే ఆ ఆరోపణే పునాది. పునాది ఆరోపణ అయితే అది శిక్ష. అతనికి చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా శిక్షించినట్టే.

కాబట్టి యజమాని ముందున్నవి రెండు దారులు, కలిపి నడవడానికి వీల్లేనివి. రేట్ల లిస్టు విషయం నిజంగా తేల్చాలంటే చార్జిమెమో ఇచ్చి, సంజాయిషీ తీసుకుని, విచారణ జరిపి, రుజువైతే దుష్ప్రవర్తన కింద తీసేయాలి. అంత ఓపిక, సాక్ష్యం లేకపోతే ఆ మాట పూర్తిగా వదిలేయాలి. ఉత్తరంలోనే కాదు, హెచ్‌ఆర్‌కు పంపే మెయిళ్లలో, వాట్సాప్ గ్రూపులో కూడా. కేసు పడితే ఆ మెయిళ్లు కోర్టు ముందుకు వస్తాయి. ఉత్తరంలో "పని సరిపోలేదు" అని, లోపలి మెయిల్‌లో "దొంగను వదిలించుకున్నాం" అని ఉంటే ముసుగు తీయడానికి కోర్టుకు శ్రమ అక్కర్లేదు. 1984లో ఒక ఐపీఎస్ ప్రొబేషనర్ విషయంలో, అనూప్ జైస్వాల్ కేసులో, సుప్రీంకోర్టు చేసింది ఈ పనే. పైకి సాదాగా ఉన్న డిశ్చార్జి ఆర్డర్ వెనక, శిక్షణలో జరిగిన ఒక ఘటనే అసలు కారణమని తేల్చి ఆర్డర్‌ను రద్దు చేసింది.

నాకు నచ్చే ఉత్తరం ఇలా ఉంటుంది. మామూలుగా ఇంగ్లీషులోనే రాస్తారు, ఇక్కడ తెలుగులో ఇస్తున్నాను:

"మార్చి 3న మీరు ఆర్డర్ కోఆర్డినేటర్‌గా ఆరు నెలల ప్రొబేషన్ మీద చేరారు. ప్రొబేషన్‌లో మీ పనిని మే, జులై నెలల్లో మీతో కలిసి సమీక్షించాము. ఇన్‌వాయిస్‌ల కచ్చితత్వం ఈ పోస్టుకు నిర్ణయించిన స్థాయికి చేరలేదు. అందువల్ల మిమ్మల్ని ఈ పోస్టులో కన్‌ఫర్మ్ చేయడం లేదు. అపాయింట్‌మెంట్ ఆర్డర్ ప్రకారం ఈ ఉత్తరం ద్వారా పదిహేను రోజుల నోటీసు ఇస్తున్నాము. మీ ఆఖరి పనిదినం ఆగస్టు 29. అప్పటి వరకు జీతం, రావలసిన ఇతర బకాయిలు, సర్వీసు సర్టిఫికెట్ మీకు అందజేస్తాము."

ఆగస్టు 14 తేదీ వేసి, సంతకం తీసుకుని, చేతికి ఇవ్వాలి. అంతకంటే పెద్దది అక్కర్లేదు.

ఇందులో కారణం ఉంది. అది పోస్టుకు కట్టుబడిన కారణం. ఈ కుర్రాడు ఇంకో సంస్థలో వేరే పని అద్భుతంగా చేయగలడన్న అవకాశాన్ని ఈ వాక్యం మూసేయదు. "కచ్చితత్వం" అన్న మాటకు వెనక మే, జులై కాగితాలు ఉన్నాయి. అవి ఉత్తరానికి జత చేయలేదు. వివరం ఉండాల్సిన చోటు సమీక్ష కాగితం; ఉత్తరానికి కావలసింది దాని సారం ఒక్క వాక్యం. సమీక్షల్లో కేవలం పని లెక్కలే ఉంటే నెల పేరు ప్రస్తావించినా నష్టం లేదు. వాటిలో ఎవరో చేతివాటంతో "వైఖరి బాగాలేదు, అబద్ధాలు చెబుతాడు" అని రాసి ఉంటే ఆ నెల పేరు కూడా ఎత్తకపోవడం మంచిది. సమీక్ష అంటే మేనేజర్ ఒక్కడే నింపి ఫైల్లో పెట్టుకున్న ఫారం అనుకోవద్దు. ఉద్యోగికి చూపించి, అతని సంతకం గానీ, జవాబు మెయిల్ గానీ ఉంటేనే అది పనికొస్తుంది. ఆగస్టులో తయారై మే తేదీ వేసుకున్న సమీక్షలు క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఎంతసేపు నిలుస్తాయో చెప్పనక్కర్లేదు.

అలాగే ఉత్తరంలో "మీరు ఎంతో కష్టపడ్డారు, మీ సేవలు అమూల్యం" లాంటి తీపి మాటలు లేవని గమనించండి. జాలితో రాసే ఆ వాక్యాన్ని ప్రతివాది లాయరు మొట్టమొదట అండర్‌లైన్ చేస్తాడు: అమూల్యమైన సేవలైతే తీసేశారెందుకు? "సంస్థలో పోస్టులు తగ్గించాం" అని మర్యాదకు అబద్ధం రాయడం ఇంకా నష్టం. అప్పుడు అది రిట్రెంచ్‌మెంట్ అవుతుంది, మరుసటి నెలలో అదే పోస్టుకు ప్రకటన ఇచ్చారంటే అబద్ధం బయటపడుతుంది.

తేదీ ఆగస్టు 29 ఎందుకు? మన రెండు రాష్ట్రాల్లో దుకాణాలు, సంస్థల చట్టం ఒకటే మూలం, 1988 నాటిది. దాని 47వ సెక్షన్ ప్రకారం ఆరు నెలలు ఎడతెగకుండా పనిచేసిన ఉద్యోగిని సరైన కారణం లేకుండా, కనీసం నెల రోజుల రాతపూర్వక నోటీసు గానీ ఆ జీతం గానీ ఇవ్వకుండా తీసేయకూడదు. ఏడాది దాటితే ఏటా పదిహేను రోజుల సగటు జీతం చొప్పున సర్వీసు పరిహారం కూడా ఇవ్వాలి. సెక్షన్ 48 కింద ఉద్యోగికి అప్పీలు హక్కు ఉంది. ఈ చట్టం ప్రొబేషన్ అన్న మాట చూడదు, నెలలు లెక్కపెడుతుంది. మన దగ్గర ప్రొబేషన్ కూడా మామూలుగా ఆరు నెలలే కావడంతో, సెప్టెంబరు 2న గుర్తొచ్చి సెప్టెంబరు 5న ఉత్తరం ఇచ్చే సంస్థకు పదిహేను రోజుల షరతు ఇక రక్షణ కాదు, నెల నోటీసు ఇవ్వాల్సిందే. ప్రొబేషన్‌ను పొడిగించిన ప్రతిసారీ ఈ లెక్క మళ్లీ చూసుకోవాలి.

ముందుగా పంపేయడానికీ ఒక హద్దుంది. ఎక్స్‌ప్రెస్ న్యూస్‌పేపర్స్ కేసులో 1960లలోనే సుప్రీంకోర్టు, ఉత్త "ఆరు నెలల ప్రొబేషన్" అని మాత్రమే రాసుకుంటే దుష్ప్రవర్తన లేదా తగిన ఇతర కారణం లేకుండా ఆ ఆరు నెలలు నిండకముందే తీసే హక్కు యజమానికి లేదంది. మన ఉదాహరణలో "ఆ కాలంలో గానీ, చివర గానీ" అన్న మాటలు ఆర్డర్‌లో ఉన్నందువల్లే ఆగస్టు 29 నిలబడింది. అదే తీర్పులో ఇంకో మాటా ఉంది. గడువు దాటినా ఉత్తరం రాకపోతే మనిషి దానంతట అది పర్మనెంట్ అయిపోడు, ప్రొబేషనర్‌గానే కొనసాగుతాడు. అయితే సర్వీసు నిబంధనల్లో గరిష్ఠ గడువు రాసి, దాన్నీ దాటనిస్తే కథ మారుతుంది. 1968లో పంజాబ్ ఉపాధ్యాయుల విషయంలో ధరమ్ సింగ్ కేసు అలాగే ఉద్యోగుల పక్షాన ముగిసింది. "మూడు నెలలు పొడిగించవచ్చు" అని రాసుకున్న సంస్థ రెండోసారి మూడు నెలలు పొడిగించేముందు తన ఆర్డర్‌ను తానే ఒకసారి చదువుకోవాలి.

మన మచిలీపట్నం ఎల్‌ఐసీ డివిజన్ నుంచి వెళ్లిన ఒక కేసు 1994లో సుప్రీంకోర్టులో తేలింది. టార్గెట్లు అందుకోని ప్రొబేషనరీ డెవలప్‌మెంట్ ఆఫీసర్‌ను రెండేళ్ల ప్రొబేషన్ చివర పంపేశారు. ఏడాదికి మించి పనిచేశాను కనుక ఇది రిట్రెంచ్‌మెంట్ అని అతని వాదన. ఒప్పందంలోని షరతు ప్రకారం ముగించిన ప్రొబేషన్ రిట్రెంచ్‌మెంట్ కిందికి రాదని కోర్టు తేల్చింది. గమనించాల్సింది ఏమిటంటే, అక్కడ టార్గెట్లు ముందే లిఖితంగా ఉన్నాయి, షరతు ఆర్డర్‌లో ఉంది.

పదాల జాగ్రత్త ఎంతున్నా కాపాడలేని సందర్భాలు కొన్ని ఉన్నాయి. ఎల్‌ఐసీదే ఇంకో కేసు, నీరా మాథుర్‌ది, 1991లో తేలింది. ప్రసూతి సెలవు తీసుకున్న ప్రొబేషనర్‌ను పంపేసి, కోర్టులో పని బాగాలేదన్నారు. దానికి ఆధారంగా కాగితం ఏదీ లేదు. అసలు కారణం చేరేటప్పుడు నింపిన ఫారంలో గర్భం, నెలసరి గురించి ఇచ్చిన వివరాలు తప్పన్నదేనని కోర్టు పట్టుకుంది, అలాంటి ప్రశ్నలు అడగడమే తప్పని చెప్పి ఆమెను తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమంది. గర్భిణి అయిన ఉద్యోగి, ప్రమాదానికి గురైన ఉద్యోగి, మేనేజర్ మీద లైంగిక వేధింపు ఫిర్యాదు చేసిన ఉద్యోగి విషయంలో ప్రొబేషన్ ఉత్తరం రాసే ముందు సంస్థ తనను తాను అడగాల్సింది ఒకటే: ఆ ఘటనకు ముందటి తేదీతో పని బాగాలేదన్న కాగితం ఉందా? లేకపోతే ఉత్తరం ఆపి లాయరు దగ్గరికి వెళ్లడం మేలు.

డబ్బు విషయం క్లుప్తంగా. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం తొలగించిన ఉద్యోగికి రావలసిన జీతం రెండు పనిదినాల్లో చెల్లించాలి. నలభై అయిదు రోజుల తర్వాత ఫుల్ అండ్ ఫైనల్ అన్న పాత అలవాటు ఇక చెల్లదు. రాజీనామా రాసిస్తేనే రిలీవింగ్ లెటర్ ఇస్తాం అనడం అన్నింటికంటే చెడ్డ పని. తొలగింపును రాజీనామాగా చూపించే ప్రయత్నం బయటపడితే సంస్థ రాసిన మిగతా కాగితాలన్నీ అనుమానంలో పడతాయి. సర్వీసు సర్టిఫికెట్‌లో పోస్టు, చేరిన తేదీ, వెళ్లిన తేదీ చాలు. ఉత్తరం ప్రతిని హెచ్‌ఆర్ ఫైలుకు, పేరోల్‌కు తప్ప ఆఫీసులో ఇంకెవరికీ పంపకూడదు.

ఇక ఈ ఉత్తరం అందుకున్నవాళ్లకు ఒక మాట. చదివి, అందినట్టు తేదీ వేసి సంతకం చేయండి; అందినట్టు సంతకం చేయడం ఒప్పుకున్నట్టు కాదు. రాజీనామా కాగితం మీద మాత్రం ఆ గదిలో కూర్చుని సంతకం పెట్టకండి. ఇంటికి వెళ్లి, చేరిన తేదీ నుంచి ఆరు నెలలు నిండాయో లేదో, నోటీసు సరిగ్గా ఇచ్చారో లేదో లెక్కచూసుకోండి. కారణం పని గురించైతే, నోటీసు, జీతం సరిగ్గా ఉంటే, కేసు వేసి గెలవడం కష్టం. ఉత్తరంలో మీ నిజాయితీ గురించి ఒక్క మాట ఉన్నా, మిమ్మల్ని అడగకుండా తేల్చిన ఆరోపణ ఉన్నా, దాన్ని జాగ్రత్తగా దాచుకుని ఆ వారంలోనే లేబర్ ఆఫీసుకు గానీ లాయరు దగ్గరికి గానీ తీసుకెళ్లండి.